ఆథెంటికేటర్ కోడ్‌ని సైట్ ఒప్పుకోవడం లేదా? ముందు ఫోన్ టైమ్ ఎంత తప్పిందో కొలవండి

ఆథెంటికేటర్ ఆప్ తెరిచారు. ఆరంకెల కోడ్ కళ్ళెదురుగా ఉంది. ఒక్కో అంకె చూసుకుంటూ కొట్టారు. సైట్ మాత్రం కోడ్ తప్పంది. కొత్త కోడ్ వచ్చేదాకా ఆగి మళ్ళీ కొట్టారు, మళ్ళీ అదే మాట. పాస్‌వర్డ్ సరైనదే, ఆప్ పాతదే, మొన్నటిదాకా చక్కగా పనిచేసింది కూడా. ఇలాంటప్పుడు మొట్టమొదట అనుమానించాల్సింది ఫోన్ గడియారాన్ని.

కొలిచే ముందు ఒక జాగ్రత్త చెప్పాలి. ఆప్‌లోంచి ఆ అకౌంట్‌ని తీసేయకండి, ఆప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. తీసేసి మళ్ళీ పెట్టుకుంటే సరిపోతుందని చాలామందికి తోస్తుంది. కానీ ఆ అకౌంట్ తాలూకు రహస్య కీ ఉండేది ఆ ఆప్‌లోనే. బ్యాకప్ లేకుండా తీసేస్తే కీ పోయినట్టే. మళ్ళీ పెట్టుకోవాలంటే క్యూఆర్ కోడ్ కావాలి, క్యూఆర్ కోడ్ కనబడాలంటే లాగిన్ అవ్వాలి, లాగిన్ అవ్వాలంటే మళ్ళీ ఆ ఆరంకెలే కావాలి. గడియారం తేడాని నిమిషాల్లో సరిచేసుకోవచ్చు. పోగొట్టుకున్న కీ కోసం మాత్రం సపోర్ట్ వాళ్ళకి మెయిళ్ళు రాసుకుంటూ కూర్చోవాలి. అలాగే వరసబెట్టి కోడ్లు కొడుతూ పోకండి. కొన్నిసార్లు తప్పితే చాలా సైట్లు కాసేపు అసలు కోడే తీసుకోవు, అప్పుడు సరైన కోడ్ కొట్టినా తప్పనే వస్తుంది.

## కోడ్ ఎలా పుడుతుందో కొంచెం తెలిస్తే చాలు

ఈ కోడ్‌ని సైట్ మీ ఫోన్‌కి పంపదు. ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీకీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే. మీ ఆప్ తనంతట తాను లెక్కగట్టుకుంటుంది, అందుకే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో కూడా కోడ్లు మారుతూనే ఉంటాయి. అటువైపు సైట్ సర్వర్ కూడా అదే లెక్క విడిగా చేస్తుంది. ఇద్దరికీ వచ్చిన జవాబు ఒకటే అయితే మీరు లోపలికి వెళతారు.

లెక్కకి కావలసినవి రెండే: మొదటిరోజు క్యూఆర్ కోడ్ ద్వారా ఇద్దరూ పంచుకున్న రహస్య కీ, ప్రస్తుత సమయం. సమయం అంటే గోడ గడియారంలో కనబడేది కాదు. 1970 జనవరి 1, ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ సమయం ప్రకారం అర్ధరాత్రి నుంచి ఇప్పటిదాకా గడిచిన సెకన్ల సంఖ్య. దాన్ని 30తో భాగించి, శేషం వదిలేసి, మిగిలిన పూర్ణసంఖ్యని తీసుకుంటారు.

```
T = floor(unix_time / 30)
```

ఈ T ని విడత సంఖ్య అనుకుందాం. 30 సెకన్లకి ఒకసారి అది ఒకటి పెరుగుతుంది. కీనీ ఈ విడత సంఖ్యనీ కలిపి చేసిన లెక్కలోంచి ఆరంకెలు వస్తాయి. ఈ పద్ధతి పేరు టీఓటీపీ, 2011లో RFC 6238 అనే పత్రంగా వచ్చింది. ఆప్ ఏ కంపెనీదైనా లోపల జరిగేది సాధారణంగా ఇదే.

ఆ పత్రంలోనే అందరూ సరిచూసుకోవడానికి ఒక నమూనా కీ, కొన్ని సమయాలు, వాటికి రావలసిన కోడ్లు ఇచ్చారు. అందులో రెండు వరసలు చూడండి. యూటీసీ ప్రకారం 2005 మార్చి 18, 01:58:29 కి ఆరంకెల్లో కోడ్ 081804. రెండే సెకన్ల తర్వాత, 01:58:31 కి, 050471. మధ్యలో 30వ సెకను దాటింది, విడత మారింది, కోడ్‌కి ముందుదానితో పోలికే లేకుండా పోయింది. దగ్గరి సమయాలకి దగ్గరి కోడ్లు రావు. కాబట్టి తిరస్కరణకి గురైన కోడ్‌ని ఎంతసేపు చూసినా గడియారం ఎంత తప్పిందో తెలియదు. దాన్ని విడిగా కొలవాల్సిందే.

గడియారాలు ఎప్పుడూ సెకనుకి సెకను కలవవు, పైగా మనం అంకెలు కొట్టడానికి కొంత టైమ్ పడుతుంది. అందుకని సర్వర్లు కొంచెం వెసులుబాటు ఇస్తాయి. ఎక్కువగా కనిపించే పద్ధతి: ఇప్పటి విడత కోడ్‌తో పాటు, ఒక విడత వెనకదీ, ఒక విడత ముందుదీ కూడా ఒప్పుకోవడం. ఇంతకన్నా కఠినంగా ఉండే సర్వర్లు, ఇంతకన్నా ఉదారంగా ఉండేవీ ఉన్నాయి. కింది లెక్కలన్నీ ఈ మధ్యరకం సర్వర్‌ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నవి.

## మొదటి అడుగు: ఒక్క అకౌంటా, అన్నీనా?

ఆప్‌లో మీకు రెండుమూడు అకౌంట్లు ఉంటే, వాటిలో ఇంకొకదానితో కూడా లాగిన్ అయి చూడండి. ఫోన్ గడియారం ఒకటే, అన్ని కోడ్లూ దాన్ని బట్టే పుడతాయి. అది తప్పితే దాదాపు అన్ని అకౌంట్లూ ఒకేసారి మొరాయిస్తాయి. ఒక్కటే మొరాయించి మిగతావి చక్కగా పనిచేస్తే, తప్పు ఎక్కువగా ఆ అకౌంట్ కీలోనో ఆ సైట్ సర్వర్‌లోనో ఉంటుంది. ఆ సంగతి చివర్లో చెబుతాను.

"దాదాపు" అని ఎందుకన్నానంటే, తేడా నిమిషం లోపు ఉన్నప్పుడు ఉదారంగా ఉన్న సైట్ ఒప్పుకుని, కఠినంగా ఉన్న సైట్ కాదనే అవకాశం ఉంది. కాబట్టి ఒకటి పనిచేసిందని గడియారాన్ని పూర్తిగా వదిలేయకండి, రెండో అడుగు కూడా వేయండి.

## రెండో అడుగు: ఎంత తేడా, ఎటువైపు?

ఆథెంటికేటర్ ఉన్న ఆ ఫోన్‌లోనే బ్రౌజర్ తెరిచి `time.is` అని కొట్టండి. ఆ పేజీ మీ ఫోన్ గడియారాన్ని తన గడియారంతో పోల్చి, మీది ఎన్ని సెకన్లు వెనక ఉందో, ముందుందో పైనే రాసి చూపిస్తుంది. వెనకంటే `behind`, ముందంటే `ahead`. ఈ రెండు వివరాలూ, అంటే ఎంత అన్నదీ ఎటు అన్నదీ, కాగితం మీద రాసుకోండి. ఎటు అన్నది తర్వాత బాగా పనికొస్తుంది.

ఇంకో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో చూస్తే ఆ గడియారం తేడా తెలుస్తుంది గానీ ఆథెంటికేటర్ ఉన్న ఫోన్‌ది తెలియదు. చాలామంది కంప్యూటర్‌లో చూసి అంతా బాగానే ఉందనుకుంటారు.

ఫోన్‌లో ఇంటర్నెట్ లేకపోతే కంటితోనే కొలవవచ్చు. నెట్ ఉన్న ఇంకో పరికరంలో `time.is` తెరిచి సెకన్లు కనబడేలా పెట్టుకోండి. పక్కన ఆథెంటికేటర్ ఆప్ తెరిచి, గుండ్రటి గుర్తు తరిగి తరిగి అయిపోయి కొత్త కోడ్ వచ్చే క్షణం కోసం చూడండి. ఫోన్ టైమ్ సరిగ్గా ఉంటే కోడ్ ఎప్పుడూ నిమిషానికి :00 దగ్గరా :30 దగ్గరా మారుతుంది. అసలు టైమ్ :12 చూపిస్తున్నప్పుడు, తర్వాత :42 చూపిస్తున్నప్పుడు మారిందనుకోండి, ఫోన్ 12 సెకన్లు వెనకైనా ఉంది, లేదా 18 సెకన్లు ముందైనా ఉంది. ఈ పద్ధతిలో తెలిసేది 30 లోపు మిగిలిన తేడా మాత్రమే. పూర్తి నిమిషాల తేడా ఉందేమో ఫోన్ పైన కనబడే టైమ్‌ని పక్కదానితో పోల్చి చూసుకోవాలి. రెండూ కలిపితే తేడా ఎంతో, ఎటో తేలిపోతుంది.

## తేడా అంకెలు ఏం చెబుతాయి

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. లెక్క తేలిగ్గా ఉండేలా యూటీసీ ప్రకారం 2027 జనవరి 15, ఉదయం 8 గంటలు తీసుకుంటున్నాను. అప్పటికి 1970 నుంచి సరిగ్గా 1800000000 సెకన్లు గడుస్తాయి. 30తో భాగిస్తే విడత 60000000. సర్వర్ టైమ్ 08:00:10 అనుకోండి. ఇంకా అదే విడత. వెసులుబాటుతో కలిపి సర్వర్ ఒప్పుకునేవి 59999999, 60000000, 60000001 విడతల కోడ్లు.

మీ ఫోన్ 95 సెకన్లు వెనక ఉంది. దాని దృష్టిలో టైమ్ 07:58:35. అప్పటి సెకన్ల సంఖ్య 1799999915, విడత 59999997. సర్వర్ ఒప్పుకునే మూడింటిలో ఇది లేదు. మీరు ఎంత త్వరగా కొట్టినా, ఎన్నిసార్లు కొట్టినా ఫోన్ ఎప్పుడూ మూడునాలుగు విడతలు వెనకే ఉంటుంది కాబట్టి ఒక్క కోడ్ కూడా పనిచేయదు. ఇంత తేడా ఉంటే లక్షణం స్పష్టం: ఎప్పుడూ తిరస్కరణే.

అదే ఫోన్ 40 సెకన్లు వెనక ఉంటే కథ వేరు. సర్వర్ టైమ్ 08:00:05 అయినప్పుడు ఫోన్‌లో 07:59:25, విడత 59999998. సర్వర్ కాదంటుంది. ఐదు సెకన్లు ఆగి 08:00:10 కి కొడితే ఫోన్‌లో 07:59:30 అవుతుంది, విడత 59999999 కి మారుతుంది, సర్వర్ ఒప్పుకుంటుంది. ప్రతి 30 సెకన్లలో 20 సెకన్లు కోడ్ చెల్లుతుంది, 10 సెకన్లు చెల్లదు. తేడా 50 సెకన్లకి పెరిగితే చెల్లేది 10 సెకన్లే.

ఇదే మనుషుల్ని బాగా తికమక పెట్టే దశ. ఒకసారి కోడ్ చెల్లుతుంది, ఇంకోసారి చెల్లదు. తప్పు అంకె కొట్టానేమో, నెట్ బాగాలేదేమో, సైట్‌లో ఏదో ఇబ్బంది అయి ఉంటుంది అనుకుంటూ ఎవరి సర్దుబాటు వాళ్ళు చేసుకుంటారు. అప్పుడప్పుడూ మొరాయించే కోడ్ అంటే తేడా 30కీ 60కీ మధ్యకి వచ్చిందని అర్థం చేసుకోండి. అది ఇంకా పెరిగి పూర్తిగా ఆగిపోకముందే, లోపలికి వెళ్ళగలిగిన రోజునే సరిచేసుకోవడం మంచిది.

గడియారం ఇంత నెమ్మదిగా ఎందుకు తప్పుతుందంటే, ఏ ఎలక్ట్రానిక్ గడియారమైనా చిన్న క్వార్ట్జ్ స్ఫటికం కంపనాల్ని లెక్కబెట్టుకుంటూ నడుస్తుంది. అది పదిలక్షల్లో 20 వంతులు తప్పిందంటే రోజుకి 1.7 సెకన్ల తేడా. చూడ్డానికి ఏమీ కాదు. కానీ ఎవరూ సరిదిద్దకపోతే నెలకి 50 సెకన్లు దాటుతుంది. మామూలుగా ఫోన్ నెట్‌వర్క్‌లోంచి అప్పుడప్పుడూ సరైన టైమ్ తెచ్చుకుని తనని తాను సరిదిద్దుకుంటుంది కాబట్టి ఇది పైకి తెలియదు. ఆ ఆటోమేటిక్ పద్ధతి ఎవరైనా ఆపేసినప్పుడు, లేదా సిమ్ తీసేసిన పాత ఫోన్‌ని నెట్ లేకుండా కోడ్ల కోసమే పక్కన పెట్టుకున్నప్పుడు ఈ తేడా పోగవుతూ వస్తుంది. ఇంట్లో పిల్లలు ఆటలో త్వరగా లైఫ్‌లు రావాలని టైమ్ ముందుకి జరిపి వదిలేయడం కూడా ఒక కారణం. అప్పుడు తేడా సెకన్లలో కాదు, గంటల్లో ఉంటుంది.

## మూడో అడుగు: సరిచేయడం

ఐఫోన్‌లో Settings → General → Date & Time లోకి వెళ్ళి `Set Automatically` ఆన్ చేయండి. శాంసంగ్‌లో Settings → General management → Date and time లో `Automatic date and time`. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువగా Settings → System → Date & time కింద ఉంటుంది, కంపెనీని బట్టి పేరు కాస్త మారుతుంది. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉన్న వెతుకు పెట్టెలో `date` అని కొట్టండి. అక్కడే టైమ్ జోన్‌ని ఆటోమేటిక్‌గా పెట్టేది ఇంకొకటి ఉంటుంది, అదీ ఆన్ చేయండి.

అది ఇప్పటికే ఆన్‌లో ఉండి కూడా టైమ్ తప్పుగా ఉంటే, ఒకసారి ఆఫ్ చేసి, ఫోన్‌ని వైఫైకో మొబైల్ డేటాకో కలిపి, మళ్ళీ ఆన్ చేయండి. ఫోన్‌కి టైమ్ రెండు దారుల్లో వస్తుంది: సిమ్ నెట్‌వర్క్ టవర్ల నుంచి, ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్ల నుంచి. టవర్ పంపే టైమ్ తప్పుగా ఉండే సందర్భాలూ ఉంటాయి. సిమ్ లేని టాబ్లెట్‌కి ఇంటర్నెట్ దారి ఒక్కటే గతి. కొన్ని ఆఫీసు వైఫైల్లో టైమ్ సర్వర్లతో మాట్లాడే యూడీపీ 123 పోర్టుని మూసేస్తారు, బ్రౌజింగ్ అంతా బాగానే ఉన్నా టైమ్ మాత్రం రాదు. అలాంటి చోట ఇంకో ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

ఆటోమేటిక్ ఏ దారిలోనూ కుదరకపోతే చేత్తో పెట్టుకోవాలి. పక్క పరికరంలో `time.is` పెట్టుకుని, రాబోయే నిమిషాన్ని ఫోన్‌లో ముందే ఎంచుకుని, అక్కడ నిమిషం మారిన క్షణంలో ఓకే నొక్కండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో చేత్తో టైమ్ పెట్టినప్పుడు సెకన్లు సున్నా నుంచి మొదలవుతాయి, కాబట్టి ఒకటి రెండు సెకన్ల తేడాలోనే కుదురుతుంది. కోడ్లకి అది బాగా సరిపోతుంది.

## చూపుకి సరైన టైమ్, లోపల తప్పు టైమ్

చేత్తో టైమ్ పెట్టుకునేవాళ్ళు పడే పెద్ద గోతి ఒకటుంది, దీని దగ్గర కాస్త ఆగుదాం. ఫోన్ మీద కనబడే టైమ్ రెండింటి మొత్తం: లోపల నడిచే యూటీసీ, దానికి కలిపే టైమ్ జోన్. కోడ్ పుట్టేది మొదటిదాన్ని బట్టి మాత్రమే. జోన్‌తో దానికి సంబంధం లేదు.

వేరే దేశానికి వెళ్ళారు, లేదా ఫోన్‌లో జోన్ పొరపాటున ఒక గంట ముందుది ఎంపికై ఉంది అనుకోండి. లోపలి యూటీసీ సరైనదే అయినా ఫోన్ మీద టైమ్ గంట ఎక్కువ చూపిస్తుంది. అయినా ఈ దశలో కోడ్లు పనిచేస్తూనే ఉంటాయి. మీరు మాత్రం టైమ్ తప్పుగా ఉందని చూసి, జోన్ జోలికి పోకుండా గంటని ఒకటి వెనక్కి తిప్పుతారు. ఇప్పుడు ఫోన్ మీద టైమ్ గోడ గడియారంతో చక్కగా కలిసింది. కానీ మీరు తిప్పింది లోపలి యూటీసీని. అది గంట వెనక్కి పోయింది, విడత సంఖ్య 120 తగ్గింది, కోడ్లన్నీ పోయాయి. టైమ్ సరిచేసిన రోజు నుంచే కోడ్లు ఆగిపోయాయని ఎవరైనా అంటే దాదాపుగా ఇదే జరిగి ఉంటుంది.

దీన్ని పట్టుకోవడం తేలికే. గోడ గడియారంతో పోలిస్తే కలుస్తుంది, `time.is` మాత్రం గంటో అరగంటో తేడా ఉందని చెబుతుంది. తేడా సరిగ్గా పూర్తి గంటల్లో, అరగంటల్లో ఉందంటే జోన్ వ్యవహారమే. ఇక్కడ కోడ్ మారే క్షణం చూసే పద్ధతి పనికిరాదు, ఎందుకంటే గంట 30 సెకన్లతో నిశ్శేషంగా భాగింపబడుతుంది, కోడ్ :00 కీ :30 కీ మారుతూ అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. సరిచేసేటప్పుడు ముందు జోన్ సరిగ్గా ఎంచుకుని, ఆ తర్వాతే టైమ్ పెట్టండి. ఆ వరస మార్చకండి.

కంప్యూటర్‌లోని పాస్‌వర్డ్ మేనేజర్‌లోంచి కోడ్లు తీసుకునేవాళ్ళకి ఇదే గొడవ ఇంకో రూపంలో వస్తుంది. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లైనక్స్ రెండూ పెట్టుకుంటే, మదర్‌బోర్డు మీది గడియారాన్ని మామూలుగా విండోస్ స్థానిక సమయంగా, లైనక్స్ యూటీసీగా చదువుతాయి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్ళినప్పుడు టైమ్ గంటల కొద్దీ జరిగిపోతుంది, సింక్ అయ్యేదాకా కోడ్లు చెల్లవు. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండూ వరసగా నడిపితే వెంటనే సింక్ చేయించవచ్చు:

```
net start w32time
w32tm /resync
```

## టైమ్ మార్చే వీలు లేకపోతే

ఆఫీసు ఇచ్చిన ఫోన్లలో తేదీ, టైమ్ సెట్టింగ్‌కి తాళం వేసి ఉండవచ్చు. లోపలికి ఇప్పుడే వెళ్ళాలి, టైమ్ మార్చలేరు. అప్పుడు ఇందాక రాసుకున్న "ఎటువైపు" అన్నది అక్కరకొస్తుంది.

ఫోన్ వెనక ఉంటే, అది చూపించే కోడ్ అప్పటికే పాతబడుతున్నది. కాబట్టి కొత్త కోడ్ కనబడిన తక్షణమే కొట్టండి. పాస్‌వర్డ్ పేజీ దాటి, కోడ్ పెట్టె ముందు సిద్ధంగా కూర్చుని, కోడ్ మారగానే ఆరంకెలూ కొట్టి పంపండి. 40 సెకన్ల వెనకబాటు దాకా ఇది నమ్మకంగా పనిచేస్తుంది, 50 దగ్గర వేగంగా కొట్టాలి, 60 దాటితే ఏం చేసినా లాభం లేదు.

ఫోన్ ముందు ఉంటే దీనికి పూర్తిగా వ్యతిరేకం, పైగా తేడా ఎంతున్నా దారి ఉంది. ఫోన్ చూపించేది ఇంకా రాని విడత కోడ్. ఆ కోడ్‌ని కాగితం మీద రాసుకుని, ఫోన్ ఎన్ని సెకన్లు ముందుందో అంతసేపు ఆగి కొట్టండి. 95 సెకన్లు ముందుంటే, రాసుకున్నప్పటి నుంచి 95 సెకన్లు. ఆ లోపు ఫోన్‌లో కోడ్ మూడునాలుగుసార్లు మారిపోతుంది, పట్టించుకోకండి, కాగితం మీదున్నదే కొట్టండి. సర్వర్ గడియారం అప్పటికి ఆ విడతకి చేరుకుంటుంది కాబట్టి ఒప్పుకుంటుంది. లోపలికి వెళ్ళగానే ఆ కాగితం చించేయండి.

ఈ రెండూ కుదరకపోతే బ్యాకప్ కోడ్లు వాడండి. అకౌంట్ పెట్టుకున్న రోజు సైట్ ఇచ్చిన ఆ పొడుగాటి కోడ్లకి గడియారంతో పనిలేదు, ఒక్కోటి ఒక్కసారి చెల్లుతుంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఆథెంటికేటర్ కొన్ని వెర్షన్లలో కోడ్లకి మాత్రమే టైమ్ సరిచేసే `Time correction for codes` అనే ఏర్పాటు ఉండేది. మీ ఆప్ సెట్టింగ్స్‌లో ఉంటే ఆ లోపల `Sync now` నొక్కండి. అది ఫోన్ గడియారాన్ని తాకదు, ఆప్ తన లెక్కలో తేడా కలుపుకుంటుంది, అంతే.

## టైమ్ సరిగ్గానే ఉంది, అయినా ఒప్పుకోవడం లేదు

`time.is` తేడా ఒకటి రెండు సెకన్లే అంటోంది అంటే ఫోన్ మీద అనుమానం వదిలేయండి. ఇక చూడాల్సినవి కొన్నే.

ఆప్‌లో ఆ సైట్ పేరుతో రెండు వరసలు ఉన్నాయేమో చూడండి. సైట్ ఇచ్చిన కొత్త క్యూఆర్ కోడ్‌ని స్కాన్ చేసిన ప్రతిసారీ కొత్త కీ వచ్చి పాతది చచ్చిపోయి ఉండవచ్చు, కానీ ఆప్‌లో పాత వరస అలాగే ఉండి, సజీవంగా ఉన్నట్టే కోడ్లు ఇస్తూ ఉంటుంది. ఇది గడియారం తేడాకి తోబుట్టువు లాంటి తప్పు: టైమ్ తప్పుగా ఉన్న ఫోన్‌తో మొదటిసారి అకౌంట్ కలపబోతే, నిర్ధారణ కోడ్ చెల్లదు. క్యూఆర్ సరిగ్గా పడలేదనుకుని మళ్ళీ మళ్ళీ స్కాన్ చేస్తారు. టైమ్ సరిచేశాక చూస్తే ఆప్‌లో నాలుగు వరసలు ఉంటాయి, వాటిలో ఒక్కటే ప్రాణం ఉన్నది. ఒక్కోదాని కోడ్ వరసగా ప్రయత్నించండి. ఏది చెల్లిందో తెలిసి, లోపలికి వెళ్ళిన తర్వాతే మిగతావి తీసేయండి.

ఇంకొకటి, ఒకసారి చెల్లిన కోడ్‌ని అదే 30 సెకన్లలో రెండోసారి కొట్టినా సర్వర్ తీసుకోకూడదు, పద్ధతే అది. వెంటవెంటనే రెండు చోట్ల లాగిన్ అయ్యేవాళ్ళు రెండోదానికి కొత్త కోడ్ వచ్చేదాకా ఆగాలి.

ఆ సైట్ వాడే అందరికీ ఒకేసారి కోడ్లు ఆగిపోతే తప్పింది సర్వర్ గడియారం. సర్వర్ మీరు నడిపేదే అయితే, లైనక్స్‌లో ఇలా చూడండి:

```
timedatectl
sudo timedatectl set-ntp true
```

మొదటిదాని జవాబులో `System clock synchronized` పక్కన `no` ఉంటే దొరికినట్టే. రెండోది సింక్‌ని ఆన్ చేస్తుంది. నిద్రపుచ్చి లేపిన వర్చువల్ మెషీన్లలో ఇది తరచూ కనిపిస్తుంది: నిద్రపోయినంతసేపూ దాని గడియారం ఆగిపోయి, లేచాక అక్కణ్ణుంచే నడవడం మొదలుపెడుతుంది. ఈ పరిస్థితిలో వాడేవాళ్ళ ఫోన్లని మార్చమని చెప్పకండి. ఒక సర్వర్‌కి సరిపోయేలా టైమ్ జరుపుకుంటే వాళ్ళకి మిగతా సైట్లన్నీ పోతాయి. అలాగే వెసులుబాటుని ఒకటి నుంచి పదో ఇరవయ్యో విడతలకి పెంచేసి చేతులు దులుపుకోకండి. ఊహించి కొట్టేవాడికి ఒకేసారి చెల్లే కోడ్ల సంఖ్య మూడు నుంచి ఇరవైఒకటికో నలభైఒకటికో పెరుగుతుంది. గడియారాన్నే సరిచేయండి.

అంతా అయ్యాక పరీక్షించడానికి, తెరిచి ఉన్న సెషన్‌లోంచి లాగౌట్ అవ్వకండి. దాన్ని అలాగే ఉంచి, ప్రైవేట్ విండో తెరిచి అందులో కొత్తగా లాగిన్ అవ్వండి. ఒకసారి కోడ్ మారిన వెంటనే కొట్టి, ఇంకోసారి గుండ్రటి గుర్తు సగం తరిగాక కొట్టి చూడండి. రెండుసార్లూ లోపలికి వెళితే పాత సెషన్‌ని మూసేయవచ్చు.